వేయని పంట విలువ

డిసెంబరులో తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె వెళ్తే దారి పొడుగునా వరి కోతలే. కోసిన మాగాణిని ఇక్కడ ఖాళీగా వదలరు. నేలలో తడి ఉండగానే రెండో పంట పడాలి. మినుమా, మొక్కజొన్నా? ఈ సంగతి తేల్చుకోవడానికి రైతుకు ఉండే వ్యవధి కొద్ది రోజులే. తడి ఆరిపోయిందంటే మినుము మాట మరిచిపోవాలి.

చేను ఒకటి, పంటలు రెండు. ఒకటి వేస్తే రెండోది పోతుంది. పోయిన ఆ పంట మీద మిగిలి ఉండేదెంతో, వేసిన పంటకు అంత ఖర్చయినట్టే. దీన్నే ఆర్థికశాస్త్రం అవకాశ వ్యయం అంటుంది. కాలేజీ పాఠాల్లో దీన్ని చదువుకూ ఉద్యోగానికీ, సినిమాకూ పరీక్షకూ ముడిపెట్టి చెబుతారు గానీ, దీని పుట్టుక మాత్రం పొలం గట్టు మీదే.

1817లో డేవిడ్ రికార్డో ఇంగ్లండులో తన గ్రంథం వెలువరించే నాటికి అక్కడ ధాన్యం ధరలు, భూమి కౌళ్ల మీద పెద్ద వాదమే నడుస్తోంది. కౌలు ఎక్కువైనందువల్ల ధాన్యం ధర పెరగడం లేదు, ధర పెరిగినందువల్లే కౌలు పెరిగింది అన్నాడు రికార్డో. కాబట్టి పంట ఖర్చులో కౌలును చేర్చకూడదన్నది ఆయన సిద్ధాంతం. దేశంలోని భూమంతా కలిపి ఒకే పంట పండిస్తుందనుకుంటే ఈ మాట నిలుస్తుంది. అదే భూమిలో ఇంకో పంట కూడా పండుతుందంటే బీటలు వారుతుంది.

ఆ బీటను ముందు గమనించింది జాన్ స్టూవర్ట్ మిల్. వ్యవసాయంలో కౌలు తేగల నేలను వేరే పనికి వాడితే, పోయిన ఆ కౌలు కొత్త సరుకు ఖర్చులోకి చేరుతుందని 1848 నాటి తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. కానీ దాన్నొక మినహాయింపుగా రాసి ముందుకు సాగిపోయాడు. ముప్ఫయ్యేళ్ల తర్వాత స్టాన్లీ జెవన్స్ ఆ మినహాయింపే అసలు సూత్రమన్నాడు. 1879లో తన పుస్తకం రెండో ముద్రణకు రాసిన ముందుమాటలో ఆయన అడిగిన ప్రశ్న రేపల్లె రైతుకైనా ఇట్టే అర్థమవుతుంది. పచ్చిక బీడుగా ఉంటూ ఎకరాకు రెండు పౌన్ల కౌలు తెస్తున్న నేలను దున్ని గోధుమ వేస్తే, ఆ రెండు పౌన్లను గోధుమ ఖర్చులో రాయవద్దా?

ఒక చేనుకు వేసిన ఈ ప్రశ్నను వియన్నాలో ఫ్రీడ్రిష్ ఫాన్ వీజర్ అన్నిటికీ విస్తరించాడు. 1884లో వచ్చిన ఆయన గ్రంథం ప్రకారం భూమి, కూలి, ఇనుము ఏదైనా సరే, దాన్ని ఒక పనికి వాడితే మరో పనిలో అది ఇవ్వగలిగి ఉండీ ఇవ్వకుండా పోయిన విలువే దాని ఖర్చు. ఇంగ్లీషులో ఈ భావనకు నేడు వాడుతున్న ‘ఆపర్చునిటీ కాస్ట్’ అన్న పేరు డేవిడ్ గ్రీన్ అనే అమెరికన్ 1894 జనవరిలో హార్వర్డ్ నుంచి వెలువడే ఆర్థికశాస్త్ర త్రైమాసికంలో రాసిన వ్యాసం శీర్షికలో కనిపిస్తుంది. ఖర్చంటే మనిషి పడే శ్రమ, కష్టం అని అప్పటిదాకా చెప్పేవారు. వదులుకున్న అవకాశాన్ని చూడమన్నాడు గ్రీన్.

ఇక మన చేలోకి దిగుదాం. కృష్ణా పశ్చిమ డెల్టాలో తరతరాలుగా రెండో పంట మినుమే. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న చేలోనే తడి మీద విత్తనం చల్లేవారు. వరి కోసేసరికి మొలక వచ్చేది. దున్నకం లేదు, నీరు పెట్టే పని లేదు, ఎనభై రోజులు అటూ ఇటూగా పంట చేతికొచ్చేది. తర్వాత కష్టాలు మొదలయ్యాయి. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు ఆకుల్ని పసుపుపచ్చగా మార్చి కాపును తినేసింది. బంగారు తీగ అల్లుకుని మొక్కల్ని పీల్చేసింది. కాలువ నీళ్లు ఆలస్యమై వరి నాట్లు వెనకబడిన ఏడు మినుము కూడా వెనకబడింది. కోత యంత్రాలు వచ్చాక చక్రాల కింద మొలకలు నలిగిపోతున్నాయి. అందుకే దుక్కి దున్నకుండా వరి మోళ్ల మధ్య మొక్కజొన్న గింజ పెట్టే పద్ధతి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో పాకిపోయింది. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచీ ఉన్నది ఈ నేలల మధ్యే. గుంటూరు దగ్గరి లాం ఫారం తెగుళ్లను తట్టుకునే మినుము రకాలను తెస్తూనే ఉంది. కాబట్టి మినుము పూర్తిగా తప్పుకోలేదు. రెండు పంటలూ నేటికీ ఒకే మడి కోసం పోటీ పడుతున్నాయి.

భట్టిప్రోలు దగ్గర ఒక ఎకరం కౌలుకు చేసే రైతును ఊహించుకుని లెక్క వేద్దాం. దిగుబడులు, ఖర్చులు నేను లెక్క కోసం పెట్టుకున్నవి, ఎవరి చేనుకు తగ్గట్టు వారు మార్చుకోవచ్చు. ధరలు మాత్రం 2025–26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధరలు: క్వింటాలు మినుము 7,800 రూపాయలు, మొక్కజొన్న 2,400.

మినుము ఐదు క్వింటాళ్లు పండితే 39,000 వస్తుంది. విత్తనం, మందులు, కోత, నూర్పిడి కలిపి 13,000 పోతే మిగిలేది 26,000. మొక్కజొన్న 32 క్వింటాళ్లు పండితే 76,800. హైబ్రిడ్ విత్తనం, యూరియా, కలుపు మందు, నాలుగైదు తడులకు ఇంజన్ డీజిలు, కండెల కోత, గింజ ఒలుపు అన్నిటికీ 40,000 తీసేస్తే 36,800 మిగులుతుంది. రైతు మొక్కజొన్న వేశాడనుకుందాం. పుస్తకంలో రాసుకునే లాభం 36,800. కానీ ఆ పంట కోసం వదులుకున్న మినుము విలువ 26,000. అది అవకాశ వ్యయం. మొక్కజొన్న ఎంచుకున్నందుకు నిజంగా కలిసొచ్చింది 10,800 మాత్రమే. జొన్న కూడా వేయగలిగేవాడే కదా, దాన్నీ కలపాలా అని అడుగుతారు. వద్దు. ఒకే చేనులో మినుమూ జొన్నా రెండూ పండవు కాబట్టి, వదిలేసిన వాటిలో మెరుగైనదాన్ని ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

లెక్క ఇంకా పూర్తి కాలేదు. మొక్కజొన్నకు తడులు పెట్టడానికి, ఎరువు వేయడానికి రైతు సొంతంగా ఇరవై రోజులు ఎక్కువ పనిచేయాలనుకుందాం. రోజు కూలి 600. ఆ ఇరవై రోజులూ ఆయనకు బయట పని దొరికేదే అయితే 12,000 పోగొట్టుకున్నట్టు. అప్పుడు మినుమే 1,200 ఎక్కువ మిగిల్చేది. ఊళ్లో ఎనిమిది రోజులకు మించి పని దొరకని కాలమైతే పోయేది 4,800 మాత్రమే, మొక్కజొన్న 6,000 ముందుంటుంది. అసలు పనే లేని ఊళ్లో ఆ శ్రమకు అవకాశ వ్యయం సున్నా. పక్కపక్క ఊళ్లలో ఇద్దరు రైతులు ఒకే ఏడు రెండు వేర్వేరు పంటలు వేసినా ఇద్దరి లెక్కా సరైనదే కావడం ఇలాగే జరుగుతుంది. శ్రమకు ఏదో ఒక రేటు కట్టేసి అందరికీ ఒకే సలహా ఇచ్చే వాళ్లు చేసే పొరపాటు ఇక్కడే.

కౌలు సంగతి వేరు. ఈ ప్రాంతంలో దాన్ని ఎకరాకు ఇన్ని ధాన్యం బస్తాలని మాట్లాడుకుంటారు, బస్తా అంటే 75 కిలోలు. మినుము వేసినా, మొక్కజొన్న వేసినా, బీడు పెట్టినా ఇవ్వాల్సిన బస్తాలు మారవు. అందువల్ల రెండో పంట ఎంపికలో కౌలుకు చోటు లేదు. వరిలో తగిలిన నష్టానికీ లేదు. ‘సార్వాలో పోయిందంతా మొక్కజొన్నలో రాబట్టాలి’ అనుకుని ఎక్కువ పెట్టుబడి పంటలోకి దిగితే పాత నష్టం తీరదు, కొత్తది తోడయ్యే ముప్పుంది. చేను కౌలుకు తీసుకోవాలా వద్దా అని ఆలోచించే రోజున మాత్రం కౌలే మొదటి అంకె.

ఈ లెక్కకున్న అసలు బలహీనత ఏమిటంటే, వేయని పంట ఎంత పండేదో ఎవరూ కళ్లారా చూడలేరు. అది విత్తే రోజున వేసుకునే అంచనా. పల్లాకు తెగులు వచ్చి మినుము రెండు క్వింటాళ్లకు పడిపోతే మిగిలేది 2,600. పదేళ్లలో మూడేళ్లు అలా జరుగుతుందనుకుంటే మినుము సగటు మిగులు 26,000 కాదు, 19,000 లోపే. మరోవైపు మొక్కజొన్న మద్దతు ధరకు అమ్ముడుపోకుండా వ్యాపారి 2,000కే కొంటే దాని మిగులు 24,000కు దిగిపోతుంది. పై దిగుబడులకు రెండు పంటలూ సమానమయ్యే మొక్కజొన్న ధర సుమారు 2,060. విత్తే ముందు ఈ ఒక్క అంకె తెలిస్తే రైతుకు చాలా మేలు. కోత నాటికి అంతకంటే తక్కువ పలుకుతుందేమో అన్నదే అప్పుడు ఆయన ఆలోచించాల్సింది.

తెనాలి పక్కన దుగ్గిరాల వైపు పసుపు వేసేవారికి చిక్కు ఇంకొకటి. పసుపు చేలో ఎనిమిది, తొమ్మిది నెలలు ఉంటుంది. దాన్ని ఒక్క వరితో పోల్చితే పసుపు ఎప్పుడూ బంగారంలా కనిపిస్తుంది. ఆ చేను వదులుకున్నది వరినీ, దాని వెనక వచ్చే మినుమునో మొక్కజొన్ననో కలిపి. ఆ రెండింటి మిగులు కూడితేనే పసుపు అవకాశ వ్యయం. రేపల్లె దిగువన మాగాణిని ఉప్పునీటి రొయ్యల చెరువుగా తవ్విన చోట ఒక్క ఏడాది పంట కలిపినా చాలదు. నేల ఉప్పు పట్టాక తిరిగి వరికి రావడానికి పట్టే ఏళ్లన్నీ ఆ ఖాతాలోకే వస్తాయి.

జెవన్స్ అడిగిన ప్రశ్న మన దేశంలో ప్రభుత్వ లెక్కల్లోకీ వచ్చింది. 1965లో వ్యవసాయ ధరల కమిషన్ ఏర్పడింది. సాగు ఖర్చుల సర్వే 1970–71 నుంచి నడుస్తోంది. అందులో రైతు చేతినుంచి పోయే ఖర్చుకు, కౌలు చెల్లిస్తే ఆ కౌలుతో సహా, ఏ2 అని పేరు. ఇంటిల్లిపాది శ్రమకు విలువ కట్టి కలిపితే ఏ2+ఎఫ్ఎల్. సొంత భూమిని ఇతరులకు ఇస్తే వచ్చే కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా చేర్చింది సీ2. మూడింటిలో అవకాశ వ్యయానికి దగ్గరగా వచ్చేది ఇదే.

ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతు కమిషన్, మద్దతు ధర సాగు ఖర్చుకు కనీసం సగం ఎక్కువ ఉండాలని 2006లో సిఫారసు చేసింది. రైతు సంఘాలు ఆ ఖర్చు సీ2 కావాలంటున్నాయి. 2018 నుంచి కేంద్రం అమలు చేస్తున్న ఒకటిన్నర రెట్ల సూత్రం మాత్రం ఏ2+ఎఫ్ఎల్ మీద. 2025–26లో సాధారణ రకం వరికి ఆ ఖర్చు క్వింటాలుకు 1,579 రూపాయలుగా తేల్చి, మద్దతు ధర 2,369గా ప్రకటించారు. సొంత భూమి విలువ ఆ 1,579లో లేదు. నోటిమాట మీద కౌళ్లు నడిచే డెల్టాలో కౌలు రైతు కట్టే అసలు బస్తాలు కూడా సర్వే కాగితం మీదకు పూర్తిగా ఎక్కడం కష్టం. రైతుకు ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని చెప్పే ముందు, దేనికి ఒకటిన్నర రెట్లో ప్రభుత్వం సీ2 అంకె పక్కన పెట్టి చూపాలి.