గుడ్‌బైలో దేవుడు ఉన్నాడు, హలోలో ప్రియురాలు లేదు

మన సావనీరుకు వచ్చిన వ్యాసాల్లో ఒకటి ప్రూఫు చూడమని నాకు పంపారు. అందులో రెండు మాటలున్నాయి. ఒకటి, టెలిఫోను కనిపెట్టిన గ్రహంబెల్ ప్రియురాలి పేరు మార్గరెట్ హలో, ఆయన మొదట పలికింది ఆమె పేరే, అందుకే మనం ఫోనెత్తగానే హలో అంటాం అని. రెండోది, "బై" అనేది అర్థంపర్థం లేని ఇంగ్లీషు కూత, మన పిల్లలు దాన్ని మానేసి "వెళ్ళొస్తాను" అనాలి అని. పిల్లలు "వెళ్ళొస్తాను" అంటే నాకూ సంతోషమే. కానీ ఆ రెండు మాటలూ తప్పు. అచ్చులోకి వెళ్ళేలోపు చెప్పడం మంచిదనిపించి రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

ముందు "బై" సంగతి. ఇది "గుడ్‌బై"కి తోక. గుడ్‌బైకి మూలం "గాడ్ బి విత్ యి", అంటే "దేవుడు మీకు తోడుండుగాక". "యి" అనేది పాత ఇంగ్లీషువాళ్ళ "మీరు". ఊరికి బయల్దేరేవాళ్ళకు చెప్పే నిండు దీవెన ఇది. రోజుకు పదిసార్లు గడప దగ్గర నిలబడి చెప్పే మాటను ఎవరూ ఒత్తి పలకరు. వినేవాడికి ఏం చెబుతారో ముందే తెలుసు, అడుగు బయట పెట్టేశాడు కూడా. అలా "బి విత్ యి" మూడు ముక్కలూ కలిసిపోయి "బ్వై" అయింది.

ఆ అరుగుదల ఎంత ముందే మొదలైందో చూపడానికి మంచి సాక్ష్యం ఒకటుంది. కేంబ్రిడ్జిలో గేబ్రియల్ హార్వీ అని ఒక పండితుడు ఉండేవాడు. 1573 ప్రాంతంలో ఆయన రాసిన ఉత్తరంలో "గాడ్‌బ్వై" అనే రూపం కనిపిస్తుంది. మిత్రుడు పంపిన గ్యాలన్ గాడ్‌బ్వైలకు బదులుగా తాను అర గ్యాలన్ "హౌడీ"లు పంపుతున్నానని సరదాగా రాశాడు. హౌడీ అంటే "ఎలా ఉన్నారు" అన్న పలకరింపు అరిగిన రూపం. దీవెనను పాలలాగా కొలిచి లెక్కకడుతున్నాడంటే, అప్పటికే అది వాక్యం కాదు, ఒక వస్తువు అయిపోయిందన్నమాట. లోపల దేవుడున్న సంగతి జనం మరిచిపోతున్నారు.

మరిచిపోయారనడానికి ఇంకో ఆనవాలు షేక్స్‌పియర్ నాటకాల 1623 నాటి పుస్తకంలో దొరుకుతుంది. అక్కడ ఇదే మాటను చాలాచోట్ల, కొనడానికి వాడే "బై" స్పెల్లింగుతో అచ్చువేశారు. అచ్చు కూర్చేవాడికి చెవిన పడిన చప్పుడే తప్ప, లోపలి మాటలు పట్టలేదు. ఆ స్పెల్లింగు చూసి తర్వాతి కాలంలో కొందరు "దేవుడు నిన్ను కొనుగాక, అంటే పాపాల నుంచి విడిపించుగాక" అని అర్థం లాగారు. చప్పుడు ముందు, కథ తర్వాత. మార్గరెట్ గారి కథా అలాగే పుట్టింది.

మరి "గాడ్" కాస్తా "గుడ్" ఎలా అయింది? పక్కింటివాళ్ళ సావాసం వల్ల. గుడ్ డే, గుడ్ నైట్ అప్పటికే వాడుకలో ఉన్నాయి. అన్నీ గుడ్‌తో మొదలవుతుంటే ఇదొక్కటే గాడ్ అనడం నోటికి వింతగా తోచి, వాటి వరసలో చేరిపోయింది. తమాషా ఏమిటంటే ఆ పక్కింటివాళ్ళూ దీవెనలే. "దేవుడు నీకు మంచి పొద్దునిచ్చుగాక" అనే మాటలో మొదలు ఊడిపోతే మిగిలింది గుడ్ మార్నింగ్. ఉదయం బాగుందని చెప్పడం కాదు అది, బాగుండాలని కోరడం. దాన్ని చూసి మనం "శుభోదయం" కట్టుకున్నాం. మా అమ్మమ్మ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఆమె పొద్దున్నే అడిగేది "లేచినావా?" అనే.

ఇక పిల్లలు చెయ్యి ఊపుతూ "బై" అన్నారంటే, దేవుడి ముక్క పూర్తిగా వదిలేసి "తోడుండుగాక" అన్న ముక్క ఒక్కటే పలుకుతున్నారన్నమాట. అర్థం లేని కూత అనడం న్యాయం కాదు.

యానాం సభ్యులకు ఇది కొత్తగా ఉండదు. 1954 దాకా అక్కడ సాగిన ఫ్రెంచి దొరతనంలో "అదియూ" అనే మాట ఉండేది. విడివిడిగా రాస్తే "దేవుడికి" అని అర్థం, అంటే నిన్ను ఆయనకు అప్పగిస్తున్నాను అని. వాళ్ళ "సాల్యూ" లాటిన్‌లో క్షేమానికున్న మాట నుంచి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ "ఫేర్‌వెల్" అయితే అచ్చంగా "బాగా వెళ్ళు". "క్షేమంగా వెళ్ళి లాభంగా రండి" అనే మన మాటలో సగం అందులో ఉంది. లాభం ముక్క మనం కలిపాం, వ్యాపారస్తులం కదా!

మన దీవెనలూ అరగకపోలేదు. మన పెళ్ళికార్డే తీయండి. వరుడి పేరు ముందు "చి.", వధువు పేరు ముందు "చి.ల.సౌ.". చిరంజీవి, లక్ష్మీ సౌభాగ్యవతి అని పెద్దలు నోరారా అన్న దీవెన అది. షోలాపూర్ వైపు మరాఠీ కార్డుల్లో "చి.సౌ.కాం." అని ఉంటుంది. హార్వీ గ్యాలన్లకూ దీనికీ తేడా ఏమీ లేదు. కార్డు వేయించేటప్పుడు చుక్క పోయిందా లేదా అని చూస్తామే గానీ, చిరకాలం జీవించమంటున్నామని ఎవరం అనుకోం.

ఇప్పుడు హలో. వ్యాసకర్తకు ఇక్కడ నేను ఇంకో నిరాశ కూడా కలిగించాలి. హలో దీవెన కూడా కాదు. దీవెన అయినది "హెయిల్" అనే వేరే మాట. ఆరోగ్యానికి ఇంగ్లీషులో ఉన్న "హెల్త్" దానికి చుట్టం. "ఆయుష్మాన్ భవ" లాంటిది. హలో మాత్రం కేక. హోలా, హాలో, హలూ అని రకరకాలుగా వేటకుక్కలను ఉసిగొల్పడానికీ, దూరంగా ఉన్నవాణ్ణి పిలవడానికీ అరిచేవారు. పాత జర్మన్‌లో అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ణి పిలిచే కేకతో నిఘంటువులు దీన్ని ముడిపెడతాయి. రేవులో నిలబడి "ఓయ్!" అన్నట్టు. "హలో" అనే రూపం 1820ల నాటికే అచ్చులో ఉంది. బెల్ పుట్టింది 1847లో.

ఆ కేక ఫోనులోకి రావడానికి కారణం బెల్ కూడా కాదు, ఎడిసన్. మొదట్లో అనుకున్న పద్ధతిలో రెండు ఆఫీసుల మధ్య లైను ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అవతలివాడు యంత్రం దగ్గర లేకపోతే ఎలా పిలవాలన్నది ప్రశ్న. 1877 ఆగస్టులో ఎడిసన్ పిట్స్‌బర్గ్‌లోని ఒక టెలిగ్రాఫ్ కంపెనీ పెద్దకు ఉత్తరం రాశాడు. గంట అక్కర్లేదు, హలో అంటే 10, 20 అడుగుల దూరానికి వినబడుతుంది అని. బెల్‌కు నచ్చిన మాట ఓడవాళ్ళ కేక "అహోయ్". ఆయన 1877 జులైలో పెళ్ళాడిన ఆవిడ పేరు మేబెల్ హబ్బర్డ్. చిన్నతనంలోనే జ్వరం వచ్చి వినికిడి పోయిన మనిషి. ఫోనులో ఎవరు పిలిచినా ఆమెకు వినబడదు. ఆ నిజం ఉండగా మార్గరెట్‌ను కల్పించాల్సిన పని ఏముంది?

1878లో అమెరికాలో న్యూహేవెన్ ఊరి టెలిఫోను కంపెనీ డైరెక్టరీ అచ్చువేసి, మాట్లాడే పద్ధతి కూడా నేర్పింది. మొదలుపెట్టేటప్పుడు హలో అనాలి, ముగించేటప్పుడు "దట్ ఈజ్ ఆల్", అంటే "అంతే" అనాలి. మొదటిది నిలిచింది. రెండోదాన్ని జనం పట్టించుకోలేదు. "అంతే" అని ఫోను పెట్టేయడానికి మనసొప్పదు మరి. అక్కడ మళ్ళీ గుడ్‌బైయే వచ్చి కూర్చుంది.

"వెళ్ళొస్తాను" అన్న సలహా వ్యాసంలో ఉంచండి. తమిళంలో "పోయిట్టు వరేన్", కన్నడలో "హోగి బర్తీని" అంటారు. మరాఠీలోనైతే వెళ్ళేటప్పుడు ఏకంగా "యేతో", వస్తున్నాను, అంటారు. ఆ నాలుగూ పక్కపక్కన వేస్తే బాగుంటుంది. మార్గరెట్ పేరా, "అర్థంపర్థం లేని కూత" వాక్యం తీసేయమని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను. ఆ జాగా ఖాళీగా కనిపిస్తే దీంట్లో కావలసిన ముక్క కత్తిరించి వేసుకోండి, నా పేరు అక్కర్లేదు.