వలయ క్లోమం: పూర్వాంత్రం నుంచి కాలేయ, క్లోమాల ఆవిర్భావం

పిండంలో నోటి వైపు నుంచి మొదలయ్యే జీర్ణనాళపు తొలి భాగాన్ని పూర్వాంత్రం అంటారు. దీని చివరి కొస మధ్యాంత్రంతో కలిసే చోట, అంటే తరువాతి కాలంలో ఆంత్రమూలం ఏర్పడే ప్రదేశంలో, నాళపు లోపలి పొర అయిన అంతస్త్వచం నుంచి కొన్ని మొగ్గలు పొడుచుకువస్తాయి. కాలేయం, పిత్తాశయం, క్లోమం మూడూ ఈ కొద్దిపాటి జాగా నుంచే పుడతాయి.

వీటిలో ముందుగా కనిపించేది కాలేయపు మొగ్గ. గర్భధారణ జరిగిన నాలుగో వారంలో ఇది నాళపు ముందు గోడ నుంచి బయలుదేరి, గుండెకు దిగువన ఉండే అడ్డుతెర వంటి మధ్యస్త్వచ కణజాలంలోకి తీగలు తీగలుగా చొచ్చుకుపోతుంది. ఈ మొగ్గకూ నాళానికీ మధ్య మిగిలిన కాడ పైత్యరస వాహిక అవుతుంది. కాడ నుంచి చీలిన చిన్న తిత్తి పిత్తాశయంగా మారుతుంది. ఆ ప్రాంతపు అంతస్త్వచంలో ఏ కణాలు కాలేయం వైపు, ఏవి క్లోమం వైపు మళ్లాలో చాలావరకు ఇరుగుపొరుగు కణజాలమే నిర్ణయిస్తుంది. గుండె కణజాలం విడుదల చేసే ఎఫ్‌జీఎఫ్ అనే సంకేత ప్రోటీన్లు అందిన కణాలు కాలేయ కణాలవుతాయని, వాటికి దూరంగా ఉన్నవి క్లోమ కణాలవుతాయని ఎలుక పిండాలపై జరిగిన ప్రయోగాలు చూపాయి.

క్లోమం ఒక మొగ్గగా కాక రెండుగా పుడుతుంది. సుమారు 26వ రోజున నాళపు వెనుక గోడ నుంచి పెద్దదైన పృష్ఠ మొగ్గ వస్తుంది. వెన్నెముకకు పూర్వరూపమైన నోటోకార్డ్ ఈ చోట నాళాన్ని ఆనుకుని ఉండి, క్లోమాన్ని అడ్డుకునే సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే సంకేతాన్ని అణచివేస్తుంది కనుకనే అక్కడ మొగ్గకు వీలు చిక్కుతుంది. కొద్ది రోజులకు ముందు వైపున, పైత్యరస వాహిక మొదలును అంటిపెట్టుకుని, చిన్నదైన ఉదర మొగ్గ తలెత్తుతుంది.

ఈ రెండు మొగ్గలు ఎదురెదురు దిక్కుల్లో పుట్టి ఒక్కటి కావాలంటే వాటిలో ఒకటి కదలాలి. ఆంత్రమూలం కుడివైపుకు తిరిగేటప్పుడు, దాని గోడ పెరుగుదల సమానంగా ఉండనందున, ఉదర మొగ్గ పైత్యరస వాహికతో సహా కుడి పక్కగా చుట్టి వచ్చి వెనుకకు చేరుతుంది. ఆరేడు వారాల నాటికి పృష్ఠ మొగ్గకు దిగువన, వెనుకగా ఆనుకుని దానితో కలిసిపోతుంది. పెద్దవారి క్లోమంలో తల కింది భాగం, కొక్కెం వంటి భాగం ఉదర మొగ్గవి. మిగిలిన తల, మెడ, నడుము, తోక పృష్ఠ మొగ్గవి. నాళికలు కూడా కలిసి, ఉదర మొగ్గ నాళిక ప్రధాన మార్గమవుతుంది. పైత్యరసం, క్లోమరసం ఒకే ద్వారం వద్ద ఆంత్రమూలంలోకి దిగడానికి కారణం ఈ ప్రయాణమే.

ప్రయాణం సజావుగా సాగకపోతే ఆంత్రమూలపు రెండో భాగం చుట్టూ క్లోమ కణజాలం పట్టీలా మిగిలిపోతుంది. దీన్నే వలయ క్లోమం అంటారు. 1818లో టీడెమాన్ వర్ణించిన ఈ లోపానికి రెండు వివరణలు 1910లోనే వచ్చాయి. లెక్కో ప్రకారం, ఉదర మొగ్గ కొస తిరగక ముందే ఆంత్రమూలపు గోడకు అతుక్కుపోతుంది. మొదలు వెనుకకు వెళ్తుంటే కొస ముందే ఉండిపోయి, మధ్య భాగం నాళాన్ని చుట్టుతూ రిబ్బనులా సాగుతుంది. బాల్డ్విన్ ప్రకారం, ఉదర మొగ్గ మొదట కుడి, ఎడమ భాగాలుగా ఉంటుంది, మామూలుగా అంతరించవలసిన ఎడమ భాగం మిగిలి ఎదురు దిక్కున పెరిగి వలయాన్ని పూరిస్తుంది. అనేక సందర్భాలలో వలయంలోని నాళిక ముందు వైపున మొదలై కుడి పక్కగా వెనుకకు తిరిగి ప్రధాన నాళికలో కలుస్తుంది. ఈ దారి లెక్కో చెప్పిన సాగుడుకు బాగా సరిపోతుంది. అయితే అన్ని వలయాలకూ ఒకే వివరణ వర్తిస్తుందనడానికి ఆధారం చాలదు.

వలయం బిగుతుగా ఉంటే, లేదా దాని కింద ఆంత్రమూలమే సన్నబడి ఉంటే, లక్షణాలు పుట్టుకకు ముందే మొదలవుతాయి. గర్భస్థ శిశువు మింగిన ఉమ్మనీరు ముందుకు కదలక తల్లిలో ఉమ్మనీరు పెరుగుతుంది. పుట్టిన తొలి రోజుల్లోనే శిశువు పాలు కక్కుతుంది. అడ్డంకి పైత్యరస ద్వారానికి దిగువన ఉంటే పసరు వాంతులవుతాయి, ఎగువన ఉంటే వాంతిలో పసరు కనిపించదు. అప్పుడు తీసిన ఎక్స్‌రేలో ఉబ్బిన జీర్ణాశయం ఎడమన ఒక గాలిబుడగగా, ఉబ్బిన ఆంత్రమూలపు తొలి భాగం కుడిన మరో చిన్న బుడగగా కనిపిస్తాయి. ఆంత్రమూలం పూర్తిగా మూసుకుపోయిన శిశువులోనూ ఇదే చిత్రం వస్తుంది కాబట్టి, వలయం ఉన్నదీ లేనిదీ చాలాసార్లు శస్త్రచికిత్సలోనే తేలుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న శిశువుల్లో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది.

వలయాన్ని కోసి తీసేస్తే సరిపోతుందనిపించినా వైద్యులు ఆ పని చేయరు. క్లోమ కణజాలం తరచూ ఆంత్రమూలపు కండర పొరలోకి చొచ్చుకుని ఉంటుంది, అందులోని నాళిక తెగితే క్లోమరసం బయటికి కారుతుంది, పైగా కింద సన్నబడిన నాళం అలాగే ఉండిపోతుంది. అందుకే వలయాన్ని తాకకుండా, ఎగువ ఆంత్రమూలాన్ని దిగువ ఆంత్రమూలానికి నేరుగా కలిపి కుడతారు; పాలు ఆ కొత్త దారిలో పోతాయి. వలయం వదులుగా ఉన్నవారిలో మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా ఏళ్లు గడుస్తాయి. వారిలో అది నడివయసులో కడుపునొప్పి, పుండు లేక క్లోమశోథకు చేసిన పరీక్షల్లోనో, వేరే కారణంతో తీసిన స్కాన్‌లోనో బయటపడుతుంది.