ఫ్రోజెన్ సెక్షన్

ఆపరేషన్ సాగుతుండగానే, తీసిన కణజాలాన్ని గడ్డకట్టించి, పలుచగా కోసి, మైక్రోస్కోప్‌లో పరీక్షించే పద్ధతి. 1905లో మేయో క్లినిక్‌లో లూయిస్ విల్సన్ దీన్ని ఆపరేషన్లకు పనికొచ్చేలా తీర్చిదిద్దాడు.

మామూలు బయాప్సీలో ముక్కను ఫార్మలిన్‌లో నిల్వచేసి, మైనంలో దిమ్మగా పోసి కోయడానికి సాధారణంగా ఒక రోజైనా పడుతుంది. ఇక్కడ ఫార్మలిన్ తగలని తాజా ముక్కను క్రయోస్టాట్ అనే యంత్రంలో సుమారు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకట్టించి, దాదాపు 5 మైక్రాన్ల మందాన కోసి రంగులు వేస్తారు. సుమారు 20 నిమిషాల్లో జవాబు సర్జన్‌కు అందుతుంది.

ఆ జవాబుతో తర్వాతి అడుగు మారేటప్పుడే ఈ పరీక్ష సమంజసం. నాలుక క్యాన్సర్‌లో కోసిన అంచున క్యాన్సర్ కణాలు కనిపిస్తే, రోగి మత్తులో ఉండగానే సర్జన్ మరికొంత తీస్తాడు.

థైరాయిడ్‌లోని ఫాలిక్యులర్ గడ్డ దగ్గర మాత్రం ఈ పద్ధతి తరచూ చేతులెత్తేస్తుంది. అది క్యాన్సరా కాదా అన్నది కణాల రూపం చెప్పదు. గడ్డ చుట్టూ ఉన్న పొరనో రక్తనాళాన్నో కణాలు చొచ్చుకుపోయాయా అన్నదే తేల్చాలి. అందుకు పొరను అనేక చోట్ల చూడాలి. ఫ్రోజెన్‌లో చూడగలిగేది ఒకటి రెండు ముక్కలే. పైగా నెమ్మదిగా గడ్డకడితే మంచు స్ఫటికాలు కణజాలంలో ఖాళీలు చేసి రూపాన్ని చెరుపుతాయి. కొవ్వు ఆ చలికి సరిగా గట్టిపడక, కోతలో చిరిగిపోతుంది. సందేహముంటే పాథాలజిస్టు నిర్ణయాన్ని వాయిదా వేసి, మైనపు దిమ్మ ఫలితం కోసం ఆగమంటాడు. అది సరైన జవాబే. తొందరపడి తీసేసిన గ్రంథిని తిరిగి పెట్టలేరు.