నాలుగో ఎలక్ట్రాను ఎటు పోయింది? వజ్రం, గ్రాఫైట్‌లపై ఒక పునర్విచారణ

వజ్రంలో బంధాలు బలమైనవి, గ్రాఫైట్‌లో బలహీనమైనవి, అందుకే మొదటిది గట్టిది, రెండోది మెత్తనిది అని గైడ్లు చెబుతాయి. ఆ వాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు నా పేచీ ఆ వాక్యంతోనే.

ప్రశ్న: గ్రాఫైట్‌లో కార్బన్ బంధం నిజంగా బలహీనమా?

జవాబు: కాదు. వజ్రంలో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 0.154 నానోమీటర్లు. గ్రాఫైట్ పొరలో 0.142. బంధం పొట్టిదైతే గట్టిదన్నది తెలిసిందే. బంధానికి బంధం తూచి చూస్తే గ్రాఫైట్‌దే పైచేయి.

ప్రశ్న: మరి పెన్సిల్ ఎందుకు అరుగుతుంది?

జవాబు: వజ్రంలో నాలుగు ఎలక్ట్రాన్లూ నాలుగు దిక్కుల పొరుగువాళ్లతో ముడిపడతాయి. ఎటునుంచి గీకినా ఆ ముళ్లు తెంపాల్సిందే. గ్రాఫైట్‌లో మూడు ఎలక్ట్రాన్లు పొరలోనే ముడిపడితే, నాలుగోది పొరకు పైనా కిందా పరుచుకుని ఎవరికీ సొంతం కాకుండా తిరుగుతుంది. అందువల్ల పై పొరకు కట్టే ముడే మిగలదు. పొరల మధ్య ఎడం 0.335 నానోమీటర్లు. లోపించింది బంధాల బలం కాదు, ఒక దిక్కున బంధమే.

ప్రశ్న: విద్యుత్తు సంగతి?

జవాబు: అదీ ఆ ఎలక్ట్రాను పనే. పెన్సిల్‌ను రెండు కొసలా చెక్కి మల్టీమీటర్ ముళ్లు ఆనించండి. బంకమట్టి కలిసిన ముల్లే అయినా నిరోధం తక్కువగానే చూపుతుంది. ఉంగరంలోని వజ్రానికి ఆనిస్తే మీటరు పలకదు. వజ్రంలో ఎలక్ట్రాను విడిపడాలంటే దాదాపు 5.5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. గది వేడి ఇచ్చేది 0.025 మాత్రమే. గ్రాఫైట్‌లోనూ పొర వెంట పారినంత సులువుగా పొరకు అడ్డంగా పారదు, వాహకత వేల రెట్లు తగ్గుతుంది. పొరలు దేనివల్ల విడివిడిగా ఉన్నాయో దానివల్లే కరెంటూ పారుతోంది. కాబట్టి గట్టిదనం, వాహకత రెండు ప్రశ్నలు కావు, ఒకటే అంటాను.

ప్రశ్న: పొరలు జారిపోవడం వల్లే జారుడుగుణం అనవచ్చా?

జవాబు: గైడ్లు ఇక్కడా తొందరపడ్డాయి. రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు బాగా ఎత్తుకు వెళ్లినప్పుడు జనరేటర్లలోని కార్బన్ బ్రష్‌లు చూస్తుండగానే పొడి అయిపోయేవి. అక్కడి గాలిలో తేమ లేకపోవడమే కారణమని 1948లో రాబర్ట్ సావేజ్ ప్రయోగాలతో చూపాడు. నీటి ఆవిరి పొరల తెగిన అంచులకు పట్టుకుంటేనే రాపిడి తగ్గుతుంది. అది లేకపోతే ఆ అంచులు ఎదుటి తలాన్ని అంటుకుని చీలిపోతాయి. పొరలు ఉన్నంత మాత్రాన జారుడు రాదన్నమాట.

ప్రశ్న: కరెంటు పారే వజ్రాలూ ఉన్నాయి కదా?

జవాబు: ఉన్నాయి. కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే నీలి హోప్ వజ్రం గట్టిదనం చెడకుండానే అర్ధవాహకం. దానిలో అక్కడక్కడా కార్బన్ చోట బోరాన్ కూర్చుంది. బోరాన్‌కు ముడివేయడానికి ఉన్నవి మూడే ఎలక్ట్రాన్లు. ఆ ఒక్కటి లోటు గుండానే కరెంటు నడుస్తుంది.