గంధకం కార్డు వెనక లండన్ కథ

పర్యావరణ పాఠాలు చదివే పిల్లలు చిన్న చిన్న ఫ్లాష్ కార్డులు రాసుకుంటారు. ఒకవైపు కాలుష్య పదార్థం పేరు ఉంటుంది. రెండోవైపు అది ఎక్కణ్నుంచి వస్తుందో, ఒంటికి ఏం చేస్తుందో, ఎలా ఆపాలో రాస్తారు. సల్ఫర్ డయాక్సైడ్ కార్డు తిప్పితే 'బొగ్గు మంట, శ్వాసనాళాలు బిగుసుకోవడం, తడి స్క్రబ్బర్' అని కనిపిస్తుంది. ఆ చివరి మాట వెనక లండన్ నగరం పడ్డ బాధ చాలా ఉంది.

థేమ్స్ ఒడ్డున, ఊరి నడుమ బాటర్‌సీ విద్యుత్ కేంద్రం కడతామన్నప్పుడే జనం వద్దన్నారు. బొగ్గులోని గంధకం కాలితే పుట్టే ఈ వాయువు తేమతో కలిసి ఆమ్లమవుతుంది. అందుకే పొగను కడిగి వదలాలన్న షరతు పెట్టారు. 1933లో కేంద్రం పని మొదలుపెట్టింది. థేమ్స్ నీటిలో సహజంగానే కొంత క్షారగుణం ఉంది. దానికి సుద్ద కలిపి, పొగ పైకి వెళ్లే దారిలో చల్లేవారు. వాయువు నీటిలో కరిగేది, సుద్ద ఆమ్లాన్ని విరిచేది. పొగలోని గంధకంలో 90 శాతానికి పైగా అలా పోయేది. ప్రపంచంలో ఇంత పెద్ద ఎత్తున జరిగిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి.

అయితే కడిగిన పొగ చల్లబడి బరువెక్కేది. పైకి లేవలేక చుట్టుపక్కల వీధుల మీదికే దిగేది. కడిగిన నీళ్లు నదిలోకే పోయేవి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ తెల్లని పొగ శత్రు విమానాలకు గురుతవుతుందని కడగడమే ఆపేశారు.

1952 డిసెంబర్ 5 నుంచి 9 వరకు లండన్ మీద గాలి కదల్లేదు. పైన వెచ్చని గాలి మూతలా పరుచుకుంది. ఇళ్ల పొయ్యిల పొగ, విద్యుత్ కేంద్రాల గంధకం, పొగమంచు ఒకటయ్యాయి. 4,000 మంది చనిపోయారని మొదట లెక్కగట్టారు. ఆ తర్వాతి నెలల మరణాలను కూడా చూసిన పరిశోధకులు 12,000 దాకా ఉండొచ్చన్నారు. ఆస్తమా, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్లు, ముసలివాళ్లే ఎక్కువగా పోయారు.

1956 నాటి స్వచ్ఛ గాలి చట్టం ప్రధానంగా కంటికి కనిపించే నల్లపొగను పట్టుకుంది. గంధకాన్ని పొగలోంచి తీయడం కన్నా పొడవాటి పొగగొట్టాలు కట్టడమే తేలికనుకున్నారు. లండన్ గాలి తేలికపడింది. కానీ ఎత్తుకెక్కిన గంధకం సముద్రం దాటి స్కాండినేవియా చెరువుల మీద ఆమ్ల వానగా కురిసింది, చేపలు చచ్చిపోయాయి. పొగగొట్టం కాలుష్యాన్ని తీసేయదు, దూరం పంపుతుందంతే.

నేటి స్క్రబ్బర్లు సున్నపురాయి పొడి కలిపిన నీటిని పొగ మీద చల్లి, ఆ మడ్డిలోకి గాలి ఊదుతాయి. చివరికి జిప్సం వస్తుంది, సిమెంటుకు పనికొస్తుంది. కొన్నిచోట్ల పొగను మళ్లీ వేడిచేసి వదులుతారు. బాటర్‌సీ నేర్పిన పాఠమే అది.

కార్డు రాసేవాళ్లు ఇంకో గీత చేర్చుకోవాలి. విద్యుత్ కేంద్రాల్లో బూడిదను పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ సల్ఫర్ డయాక్సైడ్‌ను ఆపలేదు. పొగగొట్టం మీద నల్లపొగ లేదని గంధకం లేదనుకోకూడదు, అది కంటికి కనిపించదు.

మన దేశం 2015లో బొగ్గు విద్యుత్ కేంద్రాలకు గంధకం పరిమితులు పెట్టింది. గడువులు పదేపదే పెరిగాయి. 2025 జులైలో, పెద్ద నగరాలకు దూరంగా ఉన్న కేంద్రాల్లో అధిక భాగాన్ని ఆ పరిమితి నుంచి తప్పించింది.