పునాది బెడ్ కాంక్రీటు

పునాది గోతిలో ఫుటింగు పోయడానికి ముందు నేల మీద పలుచగా పరిచే, ఇనుప కడ్డీలు లేని సిమెంటు కాంక్రీటు పొరను బెడ్ కాంక్రీటు లేదా పీసీసీ అంటారు. ఒకప్పుడు భవనపు భారాన్ని నేలకు పంచిన ఈ పొర, కాలక్రమంలో కడ్డీలు కట్టుకోవడానికి తగిన చదునుగా మాత్రమే మిగిలింది.

పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్పిడిన్ 1824లోనే పేటెంటు పొందినా, భారతదేశంలో పునాదుల అడుగున చిరకాలం సాగింది సున్నపు కాంక్రీటే. గానుగలో నూరిన సున్నాన్ని, ఇటుక పొడిని రాతి లేదా ఇటుక ముక్కలతో కలిపి, గోతిలో పరిచి దిమ్మిసతో కొట్టేవారు. గోడ బరువును వెడల్పుగా పంచే పని ఆ పొరదే కాబట్టి దానిని మందంగా వేయక తప్పేది కాదు. కడ్డీలతో కూడిన కాంక్రీటు ఫుటింగు వచ్చాక వంపును తట్టుకునే పని దానికి మారి, అడుగు పొర 75 నుంచి 100 మిల్లీమీటర్లకు తగ్గింది. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 యొక్క 1978 ప్రతి, కడ్డీల కాంక్రీటుకు అనుమతించని ఎం5, ఎం7.5 శ్రేణులను ఈ అడుగు పొరకూ, గోడల సాధారణ పునాదులకూ వాడవచ్చని పేర్కొంది.

వాడుకలో ఎక్కువగా కనిపించే 1:4:8 పాళ్లకు, అంటే ఒక వంతు సిమెంటుకు నాలుగు వంతుల ఇసుక, ఎనిమిది వంతుల 40 మిల్లీమీటర్ల కంకరకు, లెక్క ఇలా సాగుతుంది. 1.5 మీటర్ల చదరపు ఫుటింగుకు నాలుగు వైపులా 100 మిల్లీమీటర్ల అంచు వదిలితే బెడ్ 1.7 మీటర్ల చదరం అవుతుంది. 100 మిల్లీమీటర్ల మందానికి దాని ఘనపరిమాణం 0.289 ఘనపు మీటర్లు. పొడి సరుకు తడిసి కుదించుకుపోతుంది కనుక దీనిని 1.54తో హెచ్చించి, పదమూడు వంతులు చేస్తే, సిమెంటు సుమారు 49 కిలోలు, అంటే ఒక్క బస్తా, ఇసుక 0.137, కంకర 0.274 ఘనపు మీటర్లు వస్తాయి. మందం 150 మిల్లీమీటర్లయితే ఇవన్నీ ఒకటిన్నర రెట్లవుతాయి.

అయితే కాగితం మీది లెక్క గోతి అడుగు సమంగా ఉన్నప్పుడే నిలుస్తుంది. సగటున 25 మిల్లీమీటర్లు ఎక్కువ తవ్వినా నాలుగో వంతు సరుకు అదనంగా పడుతుంది. ఎక్కువ తవ్విన చోట వదులు మట్టి నింపి లెక్క సరిచూసుకోవడం కంటే ఆ అదనపు కాంక్రీటే చవక, ఎందుకంటే మట్టి తరువాత కుంగుతుంది. పొడి నేలను ముందుగా తడపకపోతే అది కాంక్రీటులోని నీటిని పీల్చుకుంటుంది; అలాంటి బెడ్ మరునాడు గీకితే పొడిగా రాలుతుంది. బెడ్ లేకుండా మట్టి మీదే కడ్డీలు పరిస్తే, వాటి కింద ఉండవలసిన 50 మిల్లీమీటర్ల కవరు బిళ్లలు నేలలో దిగబడి, కడ్డీకి తేమ తగిలి తుప్పు పడుతుంది.

నల్లరేగడి నేల ఉబ్బి కుంచించుకుపోవడాన్ని మాత్రం ఈ పొర ఆపలేదు. అందుకు పునాది లోతునో రకాన్నో మార్చాలి తప్ప బెడ్ మందం పెంచి ఫలితం లేదు.