వరి పైపాటు యూరియా: ఆగస్టు రద్దీకి ముందే నిల్వ ఎంత, లోడు ఎప్పుడు అని అడిగి తెలుసుకోవడం ఎలా?

2025 వానాకాలంలో తెలంగాణలో చాలా సొసైటీల ముందు రైతులు తెల్లవారుజాము నుంచే యూరియా కోసం వరుసలో నిలబడ్డారు. ఆగస్టులో వరి పిలక దశకు వస్తుంది. అదే సమయంలో పత్తికి, మొక్కజొన్నకు కూడా పైపాటు వేయాలి. అందరికీ ఒకేసారి అవసరం పడుతుంది కాబట్టి, ఆ వారంలో దుకాణానికి వెళ్లి అడిగితే అప్పటికే ఆలస్యం అయినట్టే. జూలైలోనే మూడు నాలుగు చోట్ల ఒకే రకమైన ప్రశ్నలు అడిగి రాసిపెట్టుకుంటే ఎక్కడ ఎప్పుడు దొరుకుతుందో ముందే అంచనా వేసుకోవచ్చు.

ముందుగా మీకు ఎన్ని బస్తాలు, ఏ తేదీకి కావాలి?

ఎకరా వరికి 48 కిలోల నత్రజని వేస్తున్నారనుకుందాం. నాటేటప్పుడు ఒక బస్తా డీఏపీ వేస్తే అందులో 9 కిలోల నత్రజని వస్తుంది. మిగిలిన 39 కిలోలకు దాదాపు 85 కిలోల యూరియా కావాలి. ఇందులో నాటేటప్పుడు 15 కిలోలు, పిలక దశలో 35 కిలోలు, చిరుపొట్ట దశలో 35 కిలోలు వేయాలి. భూసార పరీక్ష చేయించి ఉంటే ఆ కార్డులోని మోతాదునే తీసుకోండి.

యూరియా బస్తా 45 కిలోలు. రెండెకరాల రైతుకు మొత్తం 4 బస్తాలు సరిపోతాయి. నాటేటప్పుడు ఒకటి, పిలక దశకు రెండు, చిరుపొట్ట దశకు ఒకటి కొంటే ముందు బస్తాల్లో మిగిలింది తర్వాతి దఫాకు కలిసివస్తుంది. జూలై 15న నాటితే పిలక దశ పైపాటు ఆగస్టు 5-10 మధ్య పడుతుంది. మధ్యకాలిక రకాలకు చిరుపొట్ట దశ ఆగస్టు నెలాఖరులో వస్తుంది. ఈ తేదీలను నోటుబుక్కులో పైన రాసుకోండి.

అడగవలసిన ఐదు ప్రశ్నలు

సొసైటీ, ఆగ్రో రైతు సేవా కేంద్రం, కనీసం రెండు ప్రైవేటు దుకాణాలు. ఈ నాలుగు చోట్లా ఒకే రోజు అడగండి. వేర్వేరు రోజుల్లో అడిగితే జవాబులను పోల్చలేరు.

1. ఈ రోజు గోదాములో యూరియా బస్తాలు ఎన్ని ఉన్నాయి? అందులో ఇప్పటికే టోకెన్లు ఇచ్చినవి పోగా ఎన్ని మిగిలాయి?
2. తర్వాతి లోడు ఎన్ని బస్తాలు? అది ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చింది?
3. ఆ లోడు ఎవరి దగ్గర నుంచి వస్తోంది?
4. పోయినసారి డబ్బు కట్టిన రోజు నుంచి లోడు దిగే దాకా ఎన్ని రోజులు పట్టింది?
5. ఒక్కొక్కరికి ఎన్ని బస్తాలు ఇస్తారు? వేరే మందు ఏదీ అంటగట్టకుండా విడిగా ఇస్తారా?

రెండో ప్రశ్న దగ్గర జాగ్రత్తగా వినండి. "వస్తుంది" అనే ఒక్క మాటకు చాలా అర్థాలు ఉంటాయి. ఇండెంటు మాత్రమే పెట్టి ఉండవచ్చు. డబ్బు కట్టి ఉండవచ్చు. రైలు రేక్ వరంగల్‌కో, మిర్యాలగూడకో చేరి ఉండవచ్చు. లారీ బయలుదేరి ఉండవచ్చు. డబ్బే కట్టని లోడుకు తేదీ ఉండదు. లారీ బయలుదేరిందంటే ఒకటి రెండు రోజుల మాట. "సార్, మార్క్‌ఫెడ్‌కు డబ్బు ఏ తేదీన కట్టారు?" అని అడిగితే సొసైటీ కార్యదర్శి తేదీ చెప్పగలరు.

లారీ దిగిన వెంటనే కూడా అమ్మకం మొదలు కాకపోవచ్చు. ఆ స్టాకు ఈ-పాస్ యంత్రంలో ఎక్కితేనే ఆధార్ మీద బిల్లు వస్తుంది. కాబట్టి "దిగిందా?" అని అడిగాక "మిషన్‌లో ఎక్కిందా?" అని కూడా అడగండి.

మొదటి ప్రశ్నకు జవాబు బోర్డు మీద కూడా ఉండాలి. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ప్రతి డీలరూ ఆ రోజు నిల్వను, ధరలను దుకాణంలో కనిపించేలా రాయాలి. బోర్డు మీద ఒక లెక్క, నోటి మాట మరొకటి అయితే మండల వ్యవసాయ అధికారికి చెప్పండి.

ఒక ఊరి లెక్క

ఉదాహరణకు రెండేసి ఎకరాలున్న పది మంది రైతులు కలిసి జూలై 22న అడిగారనుకుందాం. పిలక దశకు వారికి 20 బస్తాలు కావాలి. వచ్చిన జవాబులు ఇవి.

సొసైటీ: గోదాములో 60 బస్తాలు. 44కు టోకెన్లు ఇచ్చేశారు, మిగిలినవి 16. మనిషికి రెండు ఇస్తారు. 20 టన్నుల లోడుకు (సుమారు 444 బస్తాలు) జూలై 18న డబ్బు కట్టారు. పోయినసారి 9 రోజులు పట్టింది.

ఆగ్రో కేంద్రం: నిల్వ లేదు. "రెండు రోజుల్లో వస్తుంది" అన్నారు, కానీ డబ్బు ఇంకా కట్టలేదు. పోయినసారి 15 రోజులు పట్టింది.

ప్రైవేటు దుకాణం ఒకటి: బోర్డు మీద 150 బస్తాలు. వేరే సీసా మందు కొంటేనే ఇస్తామన్నారు.

ప్రైవేటు దుకాణం రెండు: నిల్వ లేదు. మొదటి దుకాణానికి సరుకు ఇచ్చే హోల్‌సేల్ వ్యాపారి నుంచే లోడు రావాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. సొసైటీలోని 16 బస్తాలను ఎనిమిది మంది వెంటనే తీసుకుంటారు. ఆలస్యంగా నాటిన ఇద్దరు రైతులు లోడు కోసం ఆగవచ్చు. జూలై 18కి 9 రోజులు కలిపితే 27. వర్షాలకు, లారీల జాప్యానికి మరో ఐదు రోజులు కలిపినా ఆగస్టు 1. ఇది వారి గడువుకు ముందే. ఆగ్రో కేంద్రం రేపే డబ్బు కట్టినా ఆగస్టు 7 అవుతుంది. అందువల్ల దాన్ని పిలక దశకు లెక్కలోకి తీసుకోకూడదు, చిరుపొట్ట దశకు చూసుకోవచ్చు. మొదటి దుకాణం నిల్వను, విడిగా ఇస్తామనే దాకా లేనట్టే లెక్కించాలి. అంటగట్టి అమ్మడంపై వ్యవసాయ అధికారికి ఫిర్యాదు చేయవచ్చు.

రెండు దుకాణాలకు ఒకే చోటి నుంచి సరుకు వస్తే అది ఒక్క లోడు కిందే లెక్క. నేను పనిచేసిన మండలంలో ఒక ఏడాది రెండు దుకాణాల వారూ "మాకు లోడు వస్తోంది" అన్నారు. రైతులు రెండు లోడ్లు అనుకుని నిశ్చింతగా ఉన్నారు. వచ్చింది ఒక్క లారీ. సగం సరుకు ఇక్కడ, సగం అక్కడ దించారు. మూడో ప్రశ్న అడిగి ఉంటే ఈ సంగతి ముందే తెలిసేది.

మళ్లీ ఎప్పుడు అడగాలి?

జవాబుల విలువ వారం రోజులే. జూలై 29న, ఆగస్టు 1న మళ్లీ అడిగి పాత జవాబు పక్కనే కొత్తది రాయండి. తేదీ రెండుసార్లు వెనక్కి జరిగితే ఆ చోటును నమ్ముకోకుండా పక్క మండలంలో వెతకండి. నాలుగు చోట్లా పూర్తి అవసరాన్ని చెప్పి నాలుగు టోకెన్లు తీసుకోకండి. మీ 20 బస్తాలు వారి లెక్కలో 80 అవుతాయి, పక్క ఊరి రైతుకు అందవు.

భయంతో జూన్‌లోనే నాలుగు బస్తాలూ కొనడం కూడా మంచిది కాదు. యూరియా తేమ పీల్చుకుని గడ్డ కడుతుంది. రెండు మూడు వారాలకు ముందు కొన్న బస్తాలను నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు ఎడంగా పెట్టి పాలిథిన్ షీటు కప్పండి.

గడువులోగా యూరియా అందకపోతే లీటరు నీటికి 20 గ్రాముల చొప్పున యూరియా కలిపి ఆకులపై పిచికారీ చేయవచ్చు. ఎకరాకు 200 లీటర్ల నీటికి 4 కిలోలు చాలు. దీంతో పైరు కొన్ని రోజులు నిలదొక్కుకుంటుంది. కానీ 35 కిలోల పైపాటుకు ఇది బదులు కాదు. లోడు దిగగానే, చిరుపొట్ట దశ దాటకముందే పైపాటు వేసుకోవాలి.